చిట్టా ఆవర్జాలు లేని లాభం: ఆరు శాతమా, ఎనిమిది శాతమా?

తెనాలిలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉందనుకుందాం. వైర్లు, స్విచ్‌లు, ఫ్యాన్లు, మోటారు పంపులు అమ్ముతారు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు 1 కోటి 20 లక్షలు. యజమానికి జీఎస్టీ నంబరు ఉంది, అమ్మకం బిల్లులు ఉన్నాయి, బ్యాంకు పాస్‌బుక్ ఉంది. అంతకుమించి పద్ధతిగా రాసిన లెక్కలు లేవు. సరుకు దింపిన హమాలీకి ఎంత ఇచ్చాడో, కుర్రాళ్ల జీతాలు, టీ ఖర్చులు ఏడాదికి ఎంత తేలాయో ఆయన చెప్పలేడు. మరి ఆదాయపు పన్ను రిటర్న్‌లో లాభం ఎంతని రాయాలి?

ఇలాంటి వాళ్ల కోసమే చట్టంలో ఒక దారి ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది సెక్షన్ 44ఏడీ. అమ్మకాలు ఎంతో చెబితే చాలు, అందులో ఇంత శాతం లాభమని చట్టమే అనుకుంటుంది. ఖర్చుల చిట్టా అడగదు. పన్ను ఆ అనుకున్న లాభం మీద పడుతుంది. ఆడిటర్లు దీన్ని ‘ప్రిజంప్టివ్’ అంటారు, బజారులో ‘ఎనిమిది శాతం స్కీము’ అంటారు. వినడానికి తేలిక. కానీ ఇందులో ఏ రూపాయికి ఎనిమిది శాతం, ఏ రూపాయికి ఆరు శాతం అన్నదగ్గర, ఒకసారి లోపలికి వచ్చినవాడు ఎప్పుడు బయటికి పోవచ్చన్నదగ్గర చాలామంది పొరబడుతున్నారు.

లెక్క ఎలా కడతారు

బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకం సొమ్ము మీద 6 శాతం, మిగతా దాని మీద 8 శాతం లాభంగా చూపాలి. మొదట్లో అన్నిటికీ 8 శాతమే ఉండేది. పెద్ద నోట్ల రద్దు తర్వాత, జనాన్ని నగదు నుంచి మళ్లించడానికి, 2017 ఫైనాన్స్ చట్టంలో బ్యాంకు వసూళ్లకు 6 శాతం తెచ్చారు.

మన కొట్టుకు ఫోన్‌పే, గూగుల్‌పే, కార్డులు, బ్యాంకు బదిలీలు, అకౌంట్ పేయీ చెక్కులు అన్నీ కలిపి 84 లక్షలు వచ్చాయి. నగదుగా 36 లక్షలు వచ్చాయి. 84 లక్షల్లో 6 శాతం 5,04,000. 36 లక్షల్లో 8 శాతం 2,88,000. రెండూ కలిపితే 7,92,000. వ్యాపారం మీద ఆయన ఆదాయం అదీ. దుకాణం అద్దె, కరెంటు బిల్లు, జీతాలు, బ్యాంకు అప్పు మీద వడ్డీ, ఆటోట్రాలీ తరుగుదల అన్నీ ఆ లెక్కలోనే ఇమిడిపోయినట్టు. విడిగా మళ్లీ ఏ ఖర్చూ తగ్గించుకోకూడదు. తరుగుదల కూడా ఏటా తీసుకున్నట్టే భావిస్తారు కాబట్టి, పాతబడిన బండి విలువను తర్వాతి ఏడాదికి దాచిపెట్టుకోవడం కుదరదు.

సొమ్ము ఏ రూపంలో వచ్చిందన్నదే ఇక్కడ లెక్క. సాయంత్రం గల్లాపెట్టెలో ఉన్న నోట్లు తీసుకెళ్లి మర్నాడు బ్యాంకులో జమ చేస్తే అవి బ్యాంకు వసూళ్లు అయిపోవు. కొన్నవాడు నగదు ఇచ్చాడు, కాబట్టి 8 శాతమే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించిన జమలన్నిటికీ 6 శాతం వేసేయడం రిటర్న్‌లలో తరచూ కనిపించే తప్పు. అడ్డగీతలు లేని బేరర్ చెక్కు మీద వచ్చిన డబ్బుకూ ఆరు శాతం వర్తించదు.

అరువు అమ్మకాల సంగతి ఇంకొంచెం సున్నితం. మార్చి చివర్లో ఒక ఇళ్ల కాంట్రాక్టరు 2 లక్షల వైరు ఖాతా మీద పట్టుకెళ్లాడు. అమ్మకం ఈ ఏడాదిదే, కాబట్టి టర్నోవరులో కలపాలి. ఆయన జూన్‌లో బ్యాంకు బదిలీ చేస్తే దాని మీద 6 శాతమే, ఎందుకంటే రిటర్న్ గడువు తేదీలోగా బ్యాంకు ద్వారా వచ్చినదాన్ని చట్టం ఒప్పుకుంటుంది. నగదుగా ఇచ్చినా, గడువు దాటినా ఇవ్వకపోయినా 8 శాతం. అందుకే మార్చి 31 నాటి అరువుల చీటీని రిటర్న్ వేసేదాకా దగ్గర పెట్టుకోవాలి.

పన్ను సున్నా, రిటర్న్ తప్పనిసరి

7,92,000కు పొదుపు ఖాతా వడ్డీ 18,000 కలిపితే మొత్తం ఆదాయం 8,10,000. కొత్త పన్ను విధానంలో 2025-26కు మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. తర్వాతి 4 లక్షల మీద 5 శాతం, అంటే 20,000. మిగిలిన 10,000 మీద 10 శాతం, అంటే 1,000. మొత్తం 21,000. అయితే ఆదాయం 12 లక్షలు దాటని వాళ్లకు 60,000 వరకు పన్ను రిబేటుగా పోతుంది కాబట్టి చివరికి కట్టాల్సింది సున్నా.

ఆ 12 లక్షల గీతను ఆరు శాతంతో కలిపి చూడండి. చిన్న వ్యాపారికి టర్నోవరు పరిమితి 2 కోట్లు. అదంతా బ్యాంకు ద్వారానే వస్తే 6 శాతం చొప్పున సరిగ్గా 12 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే పన్ను సున్నా. అదే 2 కోట్లు పూర్తిగా నగదుగా వచ్చాయనుకోండి. 8 శాతం చొప్పున ఆదాయం 16 లక్షలు, పన్ను 1,20,000, సెస్సుతో 1,24,800. సరుకు అదే, అమ్మకం అదే. వసూలు చేసిన తీరు మీద లక్షా పాతికవేల తేడా వస్తోంది. 12 లక్షల గీత కొద్దిగా దాటితే పన్ను ఒక్కసారిగా మీద పడకుండా కొంత ఊరట ఉంది. గీత మీద ఎంత దాటిందో అంతకు మించి పన్ను ఉండదు. షేర్ల మీద లాభాల్లాంటి ప్రత్యేక రేటు ఆదాయాలకు మాత్రం ఈ రిబేటు పనిచేయదు.

పన్ను సున్నా అయినంత మాత్రాన రిటర్న్ అక్కర్లేదని కాదు. ఆదాయం 4 లక్షలు దాటినా, వ్యాపార టర్నోవరు 60 లక్షలు దాటినా రిటర్న్ వేయాల్సిందే. మన తెనాలి వ్యాపారి ఈ రెండు కారణాలతోనూ వేయాలి. దానికి ఐటీఆర్-4 ఫారం ఉంది, దాని పేరు ‘సుగమ్’.

పుస్తకాలు వద్దన్నారు, రుజువులు వద్దనలేదు

ఈ పద్ధతిలో లాభం శాతాన్ని చట్టం నిర్ణయించింది, టర్నోవరును నిర్ణయించలేదు. అది మీరు చెప్పేదే. కాబట్టి అధికారికి అనుమానం వస్తే ఆయన చూసేదీ దాన్నే. జీఎస్టీ రిటర్న్‌లలో చూపిన అమ్మకం 1 కోటి 20 లక్షలు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో 95 లక్షలు అని ఉంటే ఆ తేడా వార్షిక సమాచార పత్రంలో, అంటే ఏఐఎస్‌లో, తేటతెల్లంగా కనబడుతుంది. ఏడాదిలో కరెంటు ఖాతాలో 50 లక్షలు, పొదుపు ఖాతాలో 10 లక్షలు మించి నగదు జమైతే బ్యాంకు ఆ విషయం శాఖకు తెలుపుతుంది. రిటర్న్ వేసే ముందు పోర్టల్‌లో ఏఐఎస్ తెరిచి జీఎస్టీ అంకెతో పోల్చుకోవడం పది నిమిషాల పని.

దీనికి రెండో వైపూ ఉంది. క్యూఆర్ కోడ్ మీద వచ్చిన ప్రతి రూపాయీ అమ్మకం కాదు. తమ్ముడు పంపిన చేబదులు, చీటీ పాట డబ్బు, బామ్మర్ది తిరిగి ఇచ్చిన అప్పు అదే ఖాతాలో పడితే తర్వాత విడదీయడం కష్టం. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లను చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు బెంగళూరులో పెద్ద గొడవే జరిగింది. అది జీఎస్టీ వ్యవహారం. కానీ సొంత డబ్బు, కొట్టు డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోతే ఏది అమ్మకమో తేల్చిచెప్పే భారం వ్యాపారి మీదే పడుతుందన్న సంగతి అక్కడ బయటపడింది. కొట్టుకు వేరే ఖాతా, వేరే క్యూఆర్ పెట్టుకుంటే ఈ బాధ సగం తీరుతుంది.

ఐటీఆర్-4లోనూ నాలుగు అంకెలు అడుగుతారు. మార్చి 31 నాటికి సరుకు నిల్వ ఎంత, రావలసిన బాకీలు ఎంత, ఇవ్వాల్సిన బాకీలు ఎంత, చేతిలో నగదు ఎంత. చాలామంది పోయినేడాది అంకెల్నే తిరిగి రాసేస్తారు. ముఖ్యంగా చేతిలో నగదు దగ్గర తమాషాలు జరుగుతాయి. ఒక ఏడాది 40,000 అని రాసి, మర్నాటి ఏప్రిల్‌లో ఖాతాలో 9 లక్షలు జమచేసి ‘అది నా దగ్గరున్న నగదే’ అంటే నిలబడదు. మార్చి 31 సాయంత్రం గల్లా లెక్కపెట్టి, గోదాములో సరుకు ఒకసారి చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు.

జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లకు అసలు ఈ ‘పుస్తకాలు అక్కర్లేదు’ అన్న మాట సగమే నిజం. ఆదాయపు పన్ను చట్టం వదిలేసినా, జీఎస్టీ చట్టం కొనుగోళ్లు, అమ్మకాలు, సరుకు నిల్వల రికార్డులు ఉంచుకోమంటుంది. వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు వాటిని భద్రపరచాలి.

ఇక అన్నిటికన్నా పెద్ద సంగతి. 6 శాతం, 8 శాతం కనీస లాభాలు మాత్రమే. అంతకన్నా ఎక్కువ సంపాదించానని మీరు చెబితే ఎక్కువే తీసుకుంటామని సెక్షన్‌లోనే ఉంది. లాభం 7,92,000 అని చూపి అదే ఏడాది 30 లక్షల స్థలం నగదు పెట్టి కొంటే ‘ఈ డబ్బు ఎక్కడిది?’ అన్న ప్రశ్నకు 44ఏడీ జవాబు చెప్పదు. అది ఖర్చుల వివరాల నుంచే కాపాడుతుంది. 2010లో పంజాబ్-హరియాణా హైకోర్టు ఈ స్కీములో ఉన్న వ్యాపారి బ్యాంకులోని ఒక్కొక్క జమకూ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదంది, కానీ ఆ జమకు వ్యాపార వసూళ్లతో సంబంధం ఉన్నంతవరకే. సంబంధం లేదని తేలితే అది వివరణ లేని సొమ్ము కింద పడుతుంది. దానికి మామూలు శ్లాబులుండవు, 12 లక్షల రిబేటూ రాదు.

మన కొట్టు యజమానికి నిజంగా మిగిలింది 10,50,000 అనుకుందాం. దాన్నే చూపితే వడ్డీతో మొత్తం 10,68,000, పన్ను 46,800. రిబేటులో అదీ పోయి కట్టాల్సింది మళ్లీ సున్నా. కొడుకు చదువుకో, ఇంటికో అప్పు అడిగినప్పుడు బ్యాంకు ఆ అంకెనే చూస్తుంది. 12 లక్షల లోపల ఉన్నవాళ్లు లాభాన్ని కనీసానికి కుదించుకుంటే పన్ను రూపంలో మిగిలేది ఏమీ లేదు.

ఒకసారి వస్తే అయిదేళ్లు

తేలికగా లోపలికి వచ్చినవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. ఒక ఏడాది ఈ పద్ధతిలో రిటర్న్ వేస్తే, తర్వాతి అయిదేళ్లూ ఇదే పద్ధతిలో కొనసాగాలి. మధ్యలో ఏ ఏడాదైనా అంతకన్నా తక్కువ లాభం చూపితే, ఆ తర్వాతి అయిదేళ్లు ఈ సౌకర్యం ఉండదు. ఆదాయం పన్ను పరిమితి దాటితే లెక్కల పుస్తకాలు రాయాలి, ఆడిట్ చేయించాలి.

మన కొట్టు ఎదురుగా పెద్ద షోరూము వచ్చి 2026-27లో అమ్మకాలు అంతే ఉన్నా నిజమైన లాభం 4 శాతానికి, అంటే 4,80,000కు పడిపోయిందనుకోండి. నిజం చూపాలంటే పుస్తకాలు రాసి ఆడిట్ చేయించాలి. అయిదేళ్లు, అంటే 2027-28 నుంచి 2031-32 దాకా, ఈ దారి మూసుకుపోతుంది. స్కీములోనే ఉండి 7,92,000 చూపితే రాని డబ్బు వచ్చినట్టు ఒప్పుకున్నా రిబేటు వల్ల పన్ను సున్నాయే. ఈయనకు ఉండిపోవడమే లాభం. అయితే కాగితం మీద ఆదాయం పెరిగినట్టు కనిపిస్తుందని, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే ప్రభుత్వ సాయాలకు అది అడ్డు కావచ్చని మరిచిపోకూడదు.

అదే 1 కోటి 90 లక్షల అమ్మకం, అందులో ఎక్కువభాగం నగదు, నిజమైన మిగులు రెండు మూడు శాతం మాత్రమే ఉండే పంపిణీదారు సంగతి వేరు. సిగరెట్లు, మొబైల్ రీఛార్జీలు, ఎరువులు, బియ్యం టోకు వ్యాపారాల్లో మార్జిన్లు పలచగా ఉంటాయి. పూర్తిగా నగదైతే చట్టం ఆయనకు 15,20,000 లాభం వచ్చిందంటుంది. రానిదాని మీద ఆయన లక్షకు పైగా పన్ను కట్టాలి. ఇలాంటివాళ్లు ఈ దారిలోకి అసలు రాకూడదు. పద్ధతిగా పుస్తకాలు రాసుకోవడమే చౌక. మరోవైపు టిఫిన్ సెంటరు, టైలరు, మోటారు వైండింగ్ షాపు లాంటి చేతిపనికి ఎక్కువ విలువ ఉండే వ్యాపారాల్లో నిజమైన మిగులు ఎనిమిది శాతానికి చాలా పైనే ఉంటుంది. వాళ్లకు ఈ పద్ధతి సరిగ్గా కుదురుతుంది. కాబట్టి తీరిగ్గా ఒక్క నెల ఖర్చులన్నీ రాసి, వంద రూపాయల అమ్మకానికి నికరంగా ఎంత మిగులుతోందో చూసుకుని తర్వాతే ఆడిటరు గారికి ‘వేసేయండి’ అనాలి.

ఎవరు రాకూడదు

టర్నోవరు పరిమితి 2 కోట్లు. నగదు వసూళ్లు మొత్తంలో 5 శాతం మించకపోతే 2023-24 నుంచి అది 3 కోట్లయింది. మన కొట్టులో నగదు 30 శాతం కాబట్టి ఆయనకు 2 కోట్ల గీతే. ఈ సౌకర్యం భారత్‌లో నివాసి అయిన వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు, మామూలు భాగస్వామ్య సంస్థలకు మాత్రమే. కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకు లేదు. డల్లాస్‌లో ఉంటూ విజయవాడలో తన పేరిట కొట్టు నడిపించే ప్రవాసికీ లేదు. భాగస్వామ్య సంస్థ అయితే భాగస్వాముల జీతాలు, పెట్టుబడి మీద వడ్డీ ఆ 6-8 శాతంలోనే కలిసిపోతాయి, విడిగా తగ్గించుకోవడానికి లేదు.

కమీషన్ మీదా, దళారీ మీదా, ఏజెన్సీ మీదా సంపాదించేవాళ్లను సెక్షనే పక్కన పెట్టింది. గుంటూరు మిర్చి యార్డులో రైతు సరుకును అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారి, ఎల్‌ఐసీ ఏజెంటు, స్థలాల మధ్యవర్తి ఎవరూ 44ఏడీ వాడకూడదు. చేతికి వచ్చిన కమీషన్‌లో 8 శాతమే లాభమని చూపి రిటర్న్ వేసేవాళ్లు ఉన్నారు. ఫారం 16ఏలో కమీషన్ మీద పన్ను కోసిన సెక్షన్ స్పష్టంగా ఉంటుంది కాబట్టి అది దొరక్కుండా పోదు.

డాక్టర్లు, లాయర్లు, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్లు

వృత్తి నిపుణులకు వేరే సెక్షన్ ఉంది, 44ఏడీఏ. 2016లో తెచ్చారు. వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, సినిమా కళాకారులు, ఐటీ నిపుణులు దీని కిందికి వస్తారు. వసూళ్లు 50 లక్షలు మించకూడదు. నగదు 5 శాతం లోపుంటే 75 లక్షల దాకా కుదురుతుంది. సగం వసూళ్లను, అంటే 50 శాతాన్ని, లాభంగా చూపాలి.

హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని రెండు కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే ఒకాయన 2025-26లో 28 లక్షలు అందుకున్నారనుకుందాం. ఆ కంపెనీలు 10 శాతం చొప్పున 2,80,000 టీడీఎస్ కోశాయి. ఆయన ఆదాయం 14 లక్షలు. పన్ను 90,000, సెస్సుతో 93,600. కోసిన దానిలోంచి అది పోగా 1,86,400 ఆయనకు తిరిగి వస్తుంది. కంప్యూటరూ ఇంటర్నెట్టే తప్ప పెద్ద ఖర్చులేని ఆయనకు ఇది మంచి ఒప్పందం. అదే సొంత క్లినిక్ పెట్టుకుని, ఎక్స్‌రే యంత్రానికి వాయిదాలు, సహాయకులకు జీతాలు, ల్యాబ్ బిల్లులు కట్టే దంతవైద్యురాలికి సగం మిగలకపోవచ్చు. 50 శాతం కన్నా తక్కువ చూపవచ్చు, కానీ ఆదాయం పరిమితి దాటితే పుస్తకాలు రాసి ఆడిట్ చేయించాలి. వ్యాపారులకు ఉన్న అయిదేళ్ల కట్టుబాటు మాత్రం వృత్తి నిపుణులకు లేదు. ఏ ఏడాదికి ఆ ఏడాది నిర్ణయించుకోవచ్చు.

లారీలవాళ్లకు ఇంకో లెక్క, 44ఏఈ. ఏడాదిలో ఎప్పుడూ 10కి మించి సరుకు రవాణా వాహనాలు లేనివాళ్లకు ఇది. దీనికి టర్నోవరుతో పనే లేదు. 12 టన్నులు మించిన బరువు వాహనానికి నెలకు టన్నుకు 1,000 చొప్పున, చిన్నవాటికి నెలకు 7,500 చొప్పున లాభం. 28 టన్నుల లారీకి నెలకు 28,000, ఏడాదికి 3,36,000. బండి సొంతమై ఉన్న నెలలన్నీ లెక్కే, నెలలో కొన్ని రోజులే ఉన్నా పూర్తి నెలగా పడుతుంది. కిరాయి దొరక్క షెడ్డులో నిలబెట్టానంటే కుదరదు.

మార్చి 15 మరిచిపోతే

వ్యాపారులకూ నిపుణులకూ ఈ పద్ధతిలో ఇంకో వెసులుబాటు ఉంది. మామూలు పన్ను చెల్లింపుదారు అడ్వాన్సు పన్నును నాలుగు వాయిదాల్లో కట్టాలి. ఈ స్కీములో ఉన్నవాళ్లు మొత్తం ఒకేసారి మార్చి 15 లోపు కడితే సరిపోతుంది. టీడీఎస్ పోగా 10,000 మించి పన్ను మిగిలేవాళ్లకే ఇది అవసరం. సున్నా పన్నున్న మన తెనాలి వ్యాపారికి, రీఫండ్ వచ్చే సాఫ్ట్‌వేర్ ఆయనకు అక్కర్లేదు. 16 లక్షల ఆదాయం చూపే నగదు వ్యాపారికి తప్పదు. మార్చి 15 దాటితే వడ్డీ పడుతుంది. ఏప్రిల్ కూడా వచ్చేస్తే కట్టేదాకా నెలకు 1 శాతం చొప్పున పెరుగుతూనే ఉంటుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. అందులో ఈ మూడు సెక్షన్లనూ కలిపి సెక్షన్ 58లో పెట్టారు. నంబరు మారింది గానీ ఆరు, ఎనిమిది, యాభై శాతాల లెక్క మారలేదు. 2025-26 ఆదాయానికి వేసే రిటర్న్ మాత్రం పాత చట్టం కిందే, పాత సెక్షన్ నంబర్లతోనే ఉంటుంది.

ఈ స్కీములోకి రావాలనుకుంటే ముందు మూడు పనులు చేయండి. కొట్టుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. రోజూ కొట్టు కట్టేసేముందు ఆ రోజు అమ్మకంలో నగదు ఎంత, బ్యాంకు ద్వారా ఎంత అని రెండు అంకెలు రాసిపెట్టండి. వంద రూపాయలకు మీకు నిజంగా ఎంత మిగులుతుందో తెలుసుకోండి. మిగులు ఎనిమిదికి పైనుంటే ఈ దారి మీ కోసమే. ఆరు కన్నా తక్కువ ఉంటే ఆడిట్ ఖర్చు పెట్టుకునైనా పుస్తకాలు రాసుకోవడమే మంచిది.